మల్బరీ ఆకులో లేని పట్టు

కనగానపల్లి నుంచి ధర్మవరం వైపు పోయినా, పెనుకొండ మీదుగా హిందూపురం వైపు దిగినా మల్బరీ తోటలు, వాటి పక్కన పురుగుల షెడ్లు కనిపిస్తాయి. షెడ్డులోకి మొదటిసారి అడుగుపెట్టినవాళ్లు దాదాపు అందరూ ఒకటే అడుగుతారు. ఈ పురుగు పుట్టినప్పటినుంచీ తినేది ఆకు ఒక్కటే కదా, మరి పట్టు ఎక్కడినుంచి వస్తోంది? ఆకులో పట్టు ఉందా?

ఆకులో పట్టు లేదు. ఎంత నూరినా, ఎంత వడగట్టినా మల్బరీ ఆకులో ఒక్క పోగు దొరకదు. ఆకులోని మాంసకృత్తులు పురుగు కడుపులో విరిగి అమైనో ఆమ్లాలనే చిన్న ముక్కలవుతాయి. పట్టుకు కావలసినవాటిలో కొన్నింటిని పురుగు తన ఒంట్లోనే తయారు చేసుకుంటుంది కూడా. ఆ ముక్కలను ఏ వరుసలో కలిపితే పట్టు అవుతుందనే సమాచారం మాత్రం ఆకులో లేదు. అది పురుగు గుడ్డులోనే, దాని డీఎన్‌ఏలో ఉంది.

ఇంటర్ రెండో ఏడాది విద్యార్థి పరీక్షకు చదివే డీఎన్‌ఏ నిర్మాణం, ప్రతికృతి, అనులేఖనం, అనువాదం అనే నాలుగు ఘట్టాలూ ఈ ప్రశ్నకు జవాబే. పుస్తకంలో అవి విడివిడి పాఠాలుగా ఉండడంవల్ల ప్రతికృతిలో రాయాల్సింది అనులేఖనంలోనూ, అక్కడ రాయాల్సింది ఇక్కడా రాసేస్తుంటారు. పట్టుపురుగులోని ఒకే ఒక జన్యువును పట్టుకుని మొదటినుంచి చివరిదాకా నడిస్తే ఏది ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తేటగా తెలుస్తుంది. ఆ జన్యువు పేరు ఫైబ్రాయిన్ భారశృంఖల జన్యువు. రీలింగులో మనం తీసే పట్టుపోగులో అసలు సరుకు ఫైబ్రాయిన్. దాని పైన జిగురుగా అంటుకుని ఉండే సెరిసిన్‌ను సబ్బునీళ్లలో ఉడకబెట్టి వదిలిస్తారు.

పోగులు రెండు, దిక్కులు రెండు

డీఎన్‌ఏ రెండు పొడవాటి పోగులు ఒకదానితో ఒకటి కుడివైపుగా మెలితిరిగిన అణువు. ఒక్కో పోగు న్యూక్లియోటైడ్లనే ముక్కలతో తయారవుతుంది. ప్రతి ముక్కలో మూడు భాగాలుంటాయి. డీఆక్సీరైబోజ్ అనే చక్కెర ఒకటి, ఫాస్ఫేట్ ఒకటి, నత్రజని క్షారం ఒకటి. చక్కెర, ఫాస్ఫేట్ ఒకదాని తర్వాత ఒకటి కలిసి పోగుకు వెన్నుగా ఉంటాయి. క్షారాలు లోపలివైపు తిరిగి ఉంటాయి.

క్షారాలు నాలుగు రకాలు: ఎడినిన్, థైమిన్, గ్వానిన్, సైటోసిన్. వీటిని ఏ, టీ, జీ, సీ అనే అక్షరాలతో రాస్తాం. ఒక పోగులో ఏ ఉన్నచోట ఎదురుపోగులో టీ ఉంటుంది, జీ ఉన్నచోట సీ ఉంటుంది. ఏ, టీల మధ్య రెండు హైడ్రోజన్ బంధాలు, జీ, సీల మధ్య మూడు. ఏ జీవి డీఎన్‌ఏ తీసుకున్నా ఏ ఎంతుంటే టీ అంతే ఉంటుందని, జీ ఎంతుంటే సీ అంతే ఉంటుందని ఎర్విన్ చార్గాఫ్ ముందే కొలిచి చెప్పాడు. రోసలిండ్ ఫ్రాంక్లిన్ తీసిన ఎక్స్‌రే చిత్రాలు మెలిక కొలతలు ఇచ్చాయి. ఈ రెండింటినీ కలుపుకుని 1953లో వాట్సన్, క్రిక్ జంటమెలిక నమూనా కట్టారు. మెలిక వెడల్పు 2 నానోమీటర్లు. ఒక పూర్తి చుట్టు 3.4 నానోమీటర్లు, అందులో పది క్షారజతలు. అంటే జతకూ జతకూ మధ్య దూరం 0.34 నానోమీటర్లు.

విద్యార్థులు ఎక్కువగా వదిలేసే విషయం దిక్కు. చక్కెరలోని కార్బన్లకు అంకెలుంటాయి. పోగు ఒక కొసన అయిదో కార్బన్‌కు తగిలిన ఫాస్ఫేట్ బయటికి ఉంటుంది, రెండో కొసన మూడో కార్బన్ ఖాళీగా ఉంటుంది. మొదటిది 5 ప్రైమ్ కొస, రెండోది 3 ప్రైమ్ కొస. జంటలో ఒక పోగు 5 నుంచి 3 వైపు పోతుంటే, దాని ఎదురుపోగు 3 నుంచి 5 వైపు పోతుంది. ముందు వచ్చే ప్రతికృతి గాని, అనులేఖనం గాని ఈ ఒక్క మాట గుర్తులేకపోతే అర్థం కావు. బొమ్మ వేసేటప్పుడు నాలుగు కొసలకూ అంకెలు వేయని జవాబు నాకు సగం జవాబులాగే కనిపిస్తుంది.

ఇప్పుడు మన జన్యువు దగ్గరికి వద్దాం. పట్టుపురుగుకు 28 జతల క్రోమోజోములున్నాయి. ఫైబ్రాయిన్ భారశృంఖల జన్యువు 25వ దానిమీద ఉంది. 2000లో దీని అక్షరాలను పూర్తిగా చదివారు. జన్యువు పొడవు సుమారు 16,800 క్షారజతలు. 0.34తో హెచ్చిస్తే దాదాపు 5,700 నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతులు ఆరు కూడా లేవు. ఇంత చిన్నదానిలో ఎక్కువ భాగం ఒకేలాంటి వరుసలు మళ్లీ మళ్లీ వస్తాయి. ఆ మళ్లీ మళ్లీ వచ్చేదే పట్టుకు పట్టుతనం ఇస్తుంది.

పురుగు లావెక్కుతుంది, కణాలు పెరగవు

గుడ్డు పగిలి బయటికొచ్చిన చాకీ పురుగు నాలుగు జ్వరాలు దాటి పండు పురుగు అయ్యేసరికి దాదాపు పదివేల రెట్లు బరువెక్కుతుంది. జ్వరమంటే ఆకు మాని కదలకుండా ఉండి పొర విడిచే దశ. దీనికి రైతులు పెట్టుకున్న పేరది. పురుగు ఒంట్లో రెండు పక్కలా ఒక్కో పట్టుగ్రంథి ఉంటుంది. గ్రంథి వెనకభాగం ఫైబ్రాయిన్ తయారుచేస్తుంది, నడిమి భాగం సెరిసిన్ తయారుచేస్తుంది. వెనకభాగంలో ఒక్కో పక్క సుమారు 500 కణాలే ఉంటాయి. విశేషమేమిటంటే గుడ్డులో ఉన్నప్పుడే ఆ లెక్క ఖరారైపోతుంది. పురుగు ఎంత పెరిగినా ఆ కణాలు ఒక్కటి కూడా పెరగవు. ఉన్న కణాలే పెద్దవవుతాయి, వాటిలోని డీఎన్‌ఏ మాత్రం మళ్లీ మళ్లీ ప్రతులు అవుతుంది.

మామూలుగా కణం రెండుగా చీలబోయేముందు డీఎన్‌ఏ ప్రతికృతి జరుగుతుంది. పట్టుగ్రంథిలో ప్రతికృతి జరుగుతుంది, చీలడం జరగదు. అందుకే ప్రతికృతి వేరు, కణవిభజన వేరు అని చూపడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ నాకు తెలియదు.

ఒక్క విడత ప్రతికృతిలో ఏం జరుగుతుందో వరుసగా చూద్దాం. డీఎన్‌ఏ మీద ఆరంభస్థానాలని కొన్ని చోట్లుంటాయి. అక్కడ హెలికేజ్ అనే ఎంజైమ్ క్షారాల మధ్య హైడ్రోజన్ బంధాలను తెంచి రెండు పోగులనూ విడదీస్తుంది. విడిపోయినచోట చీలిక ఏర్పడుతుంది. విడిపోయిన ప్రతి పోగూ కొత్త పోగుకు మూస అవుతుంది. కొత్త పోగును అల్లేది డీఎన్‌ఏ పాలిమరేజ్. దీనికి రెండు పట్టింపులున్నాయి. ఒకటి, ఏమీ లేనిచోట అది పని మొదలుపెట్టలేదు, ముందుగా ప్రైమేజ్ అనే ఎంజైమ్ ప్రైమర్ అనే చిన్న ఆర్‌ఎన్‌ఏ ముక్క వేసి ఇవ్వాలి. రెండు, కొత్త పోగును అది 5 నుంచి 3 దిక్కుగానే పెంచుతుంది, వెనక్కి పెంచదు.

ఈ రెండో పట్టింపువల్లే చిక్కు వస్తుంది. మూసపోగులు రెండూ ఎదురెదురు దిక్కులవి కదా. చీలిక ముందుకు పోతుంటే ఒక పోగు మీద పాలిమరేజ్ చీలిక వెంటే ఆగకుండా సాగిపోతుంది. ఇంకో పోగు మీద చీలికకు ఎదురుదిక్కుగా పోవాలి. అందుకని కొంత తెరుచుకున్నాక ఒక ముక్క, ఇంకొంత తెరుచుకున్నాక ఇంకో ముక్క అల్లుతుంది. ఈ ముక్కలను 1960లలో జపాన్‌లో రెయిజీ, సునెకో ఒకజాకి దంపతులు కనుగొన్నారు, అందుకే ఒకజాకి ముక్కలంటాం. తర్వాత ప్రైమర్లు తొలగిపోయి ఆ ఖాళీలు నిండుతాయి, లైగేజ్ అనే ఎంజైమ్ ముక్కలను అతుకుతుంది.

కొత్తగా వచ్చే ప్రతి న్యూక్లియోటైడ్ మూడు ఫాస్ఫేట్లతో వస్తుంది. రెండింటిని వదిలేసి ఆ శక్తితో పోగుకు అతుక్కుంటుంది. కణంలో ఇలాంటి మూడు ఫాస్ఫేట్ల అణువుల్లో మొదట దొరికినది ఏటీపీ. 1929లో దాన్ని బయటపెట్టినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరని ఇక్కడ చెప్పకుండా ఉండలేను.

పని ముగిసేసరికి ఒక జంట రెండు జంటలవుతుంది. ప్రతి జంటలోనూ ఒక పాతపోగు, ఒక కొత్తపోగు ఉంటాయి. అందుకే దీన్ని అర్ధసంరక్షక ప్రతికృతి అంటారు. 1958లో మెసెల్సన్, స్టాల్ బరువైన నత్రజనితో పెంచిన బాక్టీరియాను మామూలు నత్రజనిలోకి మార్చి దీన్ని రుజువుచేశారు. ఒక తరం తర్వాత వాటి డీఎన్‌ఏ అంతా బరువుదానికీ తేలికదానికీ మధ్యస్థంగా నిలిచింది. రెండు తరాల తర్వాత సగం మధ్యస్థం, సగం తేలిక అయ్యింది.

పట్టుగ్రంథి కణంలో ఇలాంటి విడతలు పదిహేడు నుంచి పంతొమ్మిది దాకా జరుగుతాయి. ఒక్కో విడతకు రెట్టింపు. రెండును పదిహేడుసార్లు హెచ్చిస్తే 1,31,072. కణంలో మొదటే రెండు ప్రతులుంటాయి గనుక 2,62,144 అవుతుంది. పద్దెనిమిదో విడతకు అది 5,24,288. కొలిచినవాళ్లు చెప్పే అంకె సుమారు నాలుగు లక్షలు. పురుగు ఒక ప్రతి డీఎన్‌ఏ సాపుగా చాచితే దాదాపు 15 సెంటీమీటర్లు. నాలుగు లక్షల ప్రతులు చాచితే 60 కిలోమీటర్లు. ధర్మవరంలో బయలుదేరితే పెనుకొండ దాటి హిందూపురం దారిలో సాగేంత దూరం ఒక్క కణం లోపల మడతపడి ఉందన్నమాట.

ఇక్కడ ఒక సందేహం రావాలి. పట్టు కావాలంటే ఫైబ్రాయిన్ జన్యువు ఒక్కటే ఎక్కువ ప్రతులు చేసుకుంటే చాలదా? అమెరికాలోని కార్నెగీ సంస్థలో యోషియాకి సుజుకి, డొనాల్డ్ బ్రౌన్, వారితో పనిచేసిన గేజ్ 1972లో సరిగ్గా దీన్నే పరీక్షించారు. పట్టుగ్రంథి డీఎన్‌ఏలో ఫైబ్రాయిన్ జన్యువు వాటా ఎంతో, పురుగు ఒంట్లోని మిగతా కణాల డీఎన్‌ఏలోనూ అంతే ఉందని తేలింది. అంటే ప్రతికృతిలో ఎంపిక ఉండదు. ఉన్న డీఎన్‌ఏ అంతా మొత్తంగా ప్రతి అవుతుంది. పట్టుతో ఏ సంబంధమూ లేని జన్యువులకు కూడా నాలుగు లక్షల ప్రతులు ఉంటాయి. ఎంపిక జరిగేది దీని తర్వాతి ఘట్టంలో.

ఒక జన్యువే చదవడం

అనులేఖనం అంటే డీఎన్‌ఏలోని ఒక జన్యువును చదివి దాని వరుసను ఆర్‌ఎన్‌ఏగా రాయడం. ప్రతికృతితో దీనికి అయిదు తేడాలున్నాయి. డీఎన్‌ఏ అంతా కాకుండా ఒక జన్యువు మేరకే చదవడం జరుగుతుంది. రెండు పోగుల్లో ఒక్కటే మూస అవుతుంది. తయారయ్యేది ఒంటిపోగు. టీ ఉండాల్సినచోట యూ, అంటే యురాసిల్, వస్తుంది. చేసే ఎంజైమ్ ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్, దీనికి ప్రైమర్ అక్కర్లేదు.

జన్యువుకు ముందు ప్రమోటర్ అనే చోటు ఉంటుంది. కణంలోని కొన్ని నియంత్రక మాంసకృత్తులు అక్కడ, దాని చుట్టుపక్కల కూర్చుంటేనే పాలిమరేజ్ వచ్చి పని మొదలుపెడుతుంది. ఫైబ్రాయిన్ జన్యువుకు కావలసిన నియంత్రకాలు సరైన మేళవింపులో ఉండేది గ్రంథి వెనకభాగంలోనే. పురుగు పేగులో, చర్మంలో, నడిమి గ్రంథిలో కూడా అదే జన్యువు ఉంది, కానీ అక్కడ దాన్ని చదివేవాళ్లు లేరు. వెనకభాగంలో కూడా అన్నివేళలా చదవరు. పురుగు జ్వరంలో ఉన్నప్పుడు కణం ఆ పని ఆపేసి, జ్వరం లేచి ఆకు పట్టినాక మళ్లీ మొదలుపెడుతుంది.

ఫైబ్రాయిన్‌లో పదేపదే వచ్చే ఆరు అమైనో ఆమ్లాల వరుస ఒకటుంది: గ్లైసిన్, అలనిన్, గ్లైసిన్, అలనిన్, గ్లైసిన్, సెరీన్. ఈ జన్యువు ఎక్కువగా వాడే అక్షరాలతో ఆ ముక్కను ఇలా రాసుకోవచ్చు.

```
కోడింగ్ పోగు  5'-GGT GCT GGA GCT GGT TCA-3'
మూసపోగు     3'-CCA CGA CCT CGA CCA AGT-5'
ఆర్‌ఎన్‌ఏ      5'-GGU GCU GGA GCU GGU UCA-3'
```

పాలిమరేజ్ చదివేది రెండో వరుసను, 3 నుంచి 5 దిక్కుగా. రాసేది మూడో వరుసను, 5 నుంచి 3 దిక్కుగా. అందుకే ఆర్‌ఎన్‌ఏ మొదటి వరుసలాగే ఉంటుంది, టీ స్థానంలో యూ తప్ప. పరీక్షలో డీఎన్‌ఏ పోగు ఒకటిచ్చి ఆర్‌ఎన్‌ఏ రాయమంటే ముందుగా చూడాల్సింది ఇచ్చినది కోడింగ్ పోగా, మూసపోగా అని. అది చూడకుండా జతలు కట్టేసినవాళ్లకు మొత్తం తలకిందులవుతుంది.

ఇలా మొదట తయారైన ఆర్‌ఎన్‌ఏను అలాగే వాడరు. ఫైబ్రాయిన్ జన్యువులో ముందు 67 అక్షరాల చిన్న ఎక్సాన్ ఉంది, తర్వాత 971 అక్షరాల ఇంట్రాన్ ఉంది, ఆ తర్వాత 15,750 అక్షరాల పెద్ద ఎక్సాన్ ఉంది. ఇంట్రాన్‌ను కత్తిరించి తీసేసి రెండు ఎక్సాన్లనూ అతుకుతారు. 5 ప్రైమ్ కొసకు రక్షణగా ఒక టోపీ, 3 ప్రైమ్ కొసకు ఏ అక్షరాల తోక చేరతాయి. అప్పుడది కేంద్రకం దాటి బయటికొస్తుంది. ఇదే వార్తాహర ఆర్‌ఎన్‌ఏ. దాదాపు 16,000 అక్షరాల పొడవు. పొడవుగా ఉండడం, జీ అక్షరాలు మిగతావాటికంటే బాగా ఎక్కువగా ఉండడంవల్ల సుజుకి, బ్రౌన్ దీన్ని మిగతా ఆర్‌ఎన్‌ఏల నుంచి వేరుచేసి గుర్తుపట్టగలిగారు. జన్యువు నుంచి వచ్చిన వార్తను విడిగా చేతిలోకి తీసుకుని చూసిన తొలి సందర్భాల్లో ఇదొకటి.

మూడేసి అక్షరాలు, ఒక్కో అమైనో ఆమ్లం

వార్తలో అక్షరాలు నాలుగు రకాలే, అమైనో ఆమ్లాలు ఇరవై. ఒక్కో అక్షరం ఒక్కో ఆమ్లాన్ని సూచిస్తే నాలుగింటికే సరిపోతుంది, రెండేసి అయితే పదహారింటికి. మూడేసి తీసుకుంటే 64 కోడాన్లు వస్తాయి. వాటిలో 61 అమైనో ఆమ్లాలకు, మూడు ఆపమని చెప్పడానికి. ఒకే ఆమ్లానికి ఒకటికంటే ఎక్కువ కోడాన్లు ఉండడం ఇందుకే.

ధర్మవరం మగ్గం మీద జకార్డు పెట్టె చూసినవాళ్లకు ఇది వెంటనే తడుతుంది. రంధ్రాలు పొడిచిన అట్టలు గొలుసుగా కట్టి ఉంటాయి. ఒక్కో అట్ట వచ్చినప్పుడు ఏ పడుగుపోగులు లేవాలో దాని రంధ్రాలు నిర్ణయిస్తాయి, ఆ సందులోంచి ఒక పేకపోగు పోతుంది. అట్టల వరుసే అంచు మీద నెమలి అవుతుంది. అట్ట మాత్రం పోగు కాదు, చీరలో ఎక్కడా చేరదు, చీర దిగాక గొలుసు అలాగే మిగిలి ఇంకో చీరకు పనికొస్తుంది. వార్తాహర ఆర్‌ఎన్‌ఏ కూడా మాంసకృత్తులో చేరదు. ఒక గొలుసు తయారై వెళ్లాక ఇంకోదానికి, ఆ తర్వాత మరోదానికి వరుస చెబుతూ ఉంటుంది. పోలిక చెల్లేది ఇంతవరకే. మగ్గంలో అట్ట తానే సూదులను కదిలిస్తుంది. కణంలో కోడాన్‌కూ అమైనో ఆమ్లానికీ నేరుగా ఏ పరిచయమూ లేదు, మధ్యలో ఒక అణువు ఉండితీరాలి.

ఆ అణువు వాహక ఆర్‌ఎన్‌ఏ. దాని ఒక కొసన మూడక్షరాల ప్రతికోడాన్, ఇంకో కొసన తగిన అమైనో ఆమ్లం. ఏ వాహకానికి ఏ ఆమ్లం తగిలించాలో తెలిసిన ఎంజైములు వేరే ఉన్నాయి, సంకేతాన్ని నిజంగా తెలుసుకుని పనిచేసేవి అవే.

అనువాదం జరిగేచోటు రైబోసోమ్. దాని చిన్న ఉపప్రమాణం వార్త 5 ప్రైమ్ కొస దగ్గర పట్టుకుని ఏయూజీ అనే కోడాన్ దాకా జరుగుతుంది. మెతియొనిన్ మోసుకొచ్చిన వాహకం అక్కడ కూర్చుంటుంది, తర్వాత పెద్ద ఉపప్రమాణం వచ్చి కలుస్తుంది. రెండో కోడాన్‌కు తగిన వాహకం పక్కన వచ్చి కూర్చోగానే మొదటి ఆమ్లం రెండోదానికి పెప్టైడ్ బంధంతో అతుక్కుంటుంది. రైబోసోమ్ మూడక్షరాలు ముందుకు జరుగుతుంది, ఖాళీ అయిన వాహకం వెళ్లిపోతుంది, మూడోది వస్తుంది. మన ముక్కలో జీజీయూ వచ్చినప్పుడు గ్లైసిన్, జీసీయూ వచ్చినప్పుడు అలనిన్, యూసీఏ వచ్చినప్పుడు సెరీన్. ఆపే కోడాన్ రాగానే వాహకానికి బదులు విడుదల కారకం వచ్చి కూర్చుంటుంది, గొలుసు విడిపోతుంది.

ఫైబ్రాయిన్ భారశృంఖల 5,263 అమైనో ఆమ్లాల పొడవు. సెకనుకు అయిదు చొప్పున అతికినా ఒక్క గొలుసుకు పదిహేడు నిమిషాలు దాటుతుంది. అంతసేపూ ఒక్క రైబోసోమ్ కోసం వార్త ఆగి ఉండదు, ఒకదాని వెనక ఒకటి ఎన్నో రైబోసోములు ఎక్కుతాయి. ఈ గొలుసులో వందకు 46 గ్లైసిన్, 30 అలనిన్, 12 సెరీన్. అంత గ్లైసిన్ కావాలంటే గ్లైసిన్ మోసే వాహకాలూ అంతే ఉండాలి. పట్టు అల్లే రోజుల్లో గ్రంథి వెనకభాగంలో వాహక ఆర్‌ఎన్‌ఏలను కొలిచి చూస్తే, గ్లైసిన్, అలనిన్, సెరీన్‌ల వాహకాలు సరిగ్గా ఆ నిష్పత్తికి దగ్గరగా పెరిగి ఉంటాయి. నాకు ఈ పాఠంలో అన్నిటికంటే ఇష్టమైన సంగతి ఇది. ఏది ఎంత అల్లాలో దానికి తగ్గట్టే ముడిసరుకు మోసేవాళ్లను కూడా కణం సమకూర్చుకుంటుంది.

ఒక పట్టుగూటి లెక్క

సుజుకి బృందం ఇంకో లెక్క కూడా వేసింది. ఫైబ్రాయిన్ జన్యువు ఒక్కో ప్రతి నుంచి సుమారు పదివేల వార్తలు వస్తాయి. కొన్ని రోజుల్లో ఒక్కో వార్త నుంచి సుమారు లక్ష గొలుసులు తయారవుతాయి. అంటే జన్యువు ప్రతికి వందకోట్ల గొలుసులు. దీన్ని చివరిదాకా లాగి చూద్దాం. కణానికి నాలుగు లక్షల ప్రతులు, రెండు పక్కలా కలిపి వెయ్యి కణాలు. మొత్తం గొలుసులను ఒక్కో గొలుసు బరువుతో హెచ్చిస్తే దాదాపు 0.26 గ్రాములొస్తుంది. మంచి బైవోల్టిన్ గూటి పెంకు 0.35 నుంచి 0.4 గ్రాములు తూగుతుంది, అందులో పావువంతు సెరిసిన్ తీసేస్తే ఫైబ్రాయిన్ 0.26 నుంచి 0.3 గ్రాములు. కాగితం మీది లెక్క తక్కెడ మీది లెక్కకు అంత దగ్గరగా వస్తుంది.

ఇందులో మూడు హెచ్చింపులు మూడు వేర్వేరు ఘట్టాలవి. నాలుగు లక్షలు ప్రతికృతిది, పదివేలు అనులేఖనానిది, లక్ష అనువాదానిది. ప్రతికృతి జరగకుండా కణానికి రెండే ప్రతులు ఉండి ఉంటే, మిగతావన్నీ ఇలాగే జరిగినా పురుగు మిల్లీగ్రాములో వెయ్యోవంతు కంటే కొంచెం ఎక్కువ పట్టు మాత్రమే ఇచ్చేది.

అక్షరం తప్పితే

మన ఆరు కోడాన్ల ముక్కలో ఒక్క అక్షరం మారితే ఏమవుతుంది? ఏ అక్షరమన్నదాన్నిబట్టి ఉంటుంది. అలనిన్ కోడాన్ జీసీయూలో చివరి యూ ఏగా మారినా జీసీఏ కూడా అలనినే, పట్టుకు ఏమీ కాదు. మొదటి జీజీయూలో నడిమి జీ ఏగా మారితే గ్లైసిన్ బదులు ఆస్పార్టిక్ ఆమ్లం వస్తుంది, గొలుసులో ఒక్కచోట తేడా పడుతుంది. చివరి యూసీఏలో సీ ఏగా మారితే మాత్రం యూఏఏ అవుతుంది. అది ఆపే కోడాన్. రైబోసోమ్ అక్కడితో వదిలేస్తుంది. మూసపోగులో చూస్తే ఇది ఏజీటీలో జీ టీగా మారడం, అంతే.

ఒక అక్షరం మారడం కాకుండా ఊడిపోతే నష్టం వేరే రకం. మొదటి జీ పోయిందనుకోండి. మూడేసి చదవడం ఒక అక్షరం జరుగుతుంది: జీయూజీ, సీయూజీ, జీఏజీ, సీయూజీ, జీయూయూ. అంటే వాలిన్, ల్యూసిన్, గ్లుటామిక్ ఆమ్లం, ల్యూసిన్, వాలిన్. గ్లైసిన్, అలనిన్ చిన్న ఆమ్లాలు కాబట్టే గొలుసులు పక్కపక్కన ఒత్తుగా పేర్చుకుని పట్టుకు గట్టితనం వస్తుంది. వీటి స్థానంలో పెద్దవి వస్తే ఆ పేర్పు కుదరదు.

గొలుసు చివర దగ్గర తెగినా పట్టు దక్కదు. భారశృంఖల చివరినుంచి ఇరవయ్యో స్థానంలో సిస్టీన్ అనే ఆమ్లం ఉంది. అది తేలికశృంఖల అనే ఇంకో చిన్న మాంసకృత్తులోని సిస్టీన్‌తో గంధకబంధం కట్టుకుంటేనే ఫైబ్రాయిన్ కణం నుంచి బయటికి వస్తుంది. జపాన్‌లో పెంచిన ఒక పురుగు రకంలో పల్చటి గూళ్లు వస్తాయి, వాటిలో సెరిసిన్ తప్ప ఫైబ్రాయిన్ దాదాపు ఉండదు. వెతికితే దాని భారశృంఖల జన్యువు బాగానే ఉంది. దెబ్బతిన్నది తేలికశృంఖల జన్యువు, బంధం కట్టాల్సిన సిస్టీన్ ఉన్న భాగమే అందులో పోయింది. అనులేఖనం, అనువాదం రెండూ జరిగాయి, ఫైబ్రాయిన్ మాత్రం కణంలోనే చిక్కుకుపోయింది. ఏ ఘట్టంలో తప్పు జరిగిందో తేల్చాలంటే డీఎన్‌ఏ, వార్త, మాంసకృత్తు, బయటికొచ్చిన పట్టు నాలుగింటినీ విడివిడిగా చూడాలి.

ఈ ప్రాంతంలో జరిగిన ఒక పని కూడా ఇదే తర్కం మీద నిలిచింది. పట్టుపురుగులకు గ్రాసరీ అనే పాలరోగం తెచ్చే వైరస్‌కు తనదైన డీఎన్‌ఏ ఉంది, సుమారు 1,28,000 క్షారజతలు. అది పురుగు కణంలో దూరి, ఆ కణం రైబోసోముల చేతనే తన మాంసకృత్తులు చేయించుకుంటుంది. హైదరాబాదులోని సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థలో జె. నాగరాజు బృందం, హిందూపురం కిరికెరలోని రాష్ట్ర పట్టుపరిశోధన సంస్థతో కలిసి, వైరస్‌కు అత్యవసరమైన నాలుగు జన్యువుల చిన్న ముక్కలను పురుగు డీఎన్‌ఏలో చేర్చింది. ఆ ముక్కలను ఎదురుబొదురుగా అమర్చారు గనుక వాటినుంచి వచ్చే ఆర్‌ఎన్‌ఏ తనమీద తాను మడతపడి జంటపోగు అవుతుంది. కణం ఆ జంటపోగును చిన్నచిన్న తునకలుగా కోస్తుంది. ఆ తునకలు తమకు జతపడే వైరస్ వార్తలను వెతికి పట్టుకుంటే అవి తెగిపోతాయి. 2013లో అచ్చయిన ఫలితాల్లో వైరస్ ఎక్కించినప్పుడు ఈ పురుగుల్లో వందకు 75 మించి బతికాయి, మామూలు పురుగుల్లో 15 కూడా బతకలేదు. ఈ పురుగుల్లో వైరస్ డీఎన్‌ఏ మీద ఎవరూ చెయ్యి వేయలేదు. అనులేఖనం జరిగింది, వార్త వచ్చింది, రైబోసోమ్ చదివేలోపే తెగింది. ఆ నాలుగు మాంసకృత్తులూ తయారు కాకపోతే వైరస్ తన డీఎన్‌ఏకు ప్రతులు తీసుకోలేదు.